ఉత్తరం లేని విషయం

చిలమత్తూరులో మండలాఫీసు గోడ పక్కన నాకో జిరాక్స్ అంగడి ఉంది. బోర్డు మీద జిరాక్స్ అనే ఉంటుంది గానీ లోపల జరగని పని లేదు. పాసుపుస్తకాల నకళ్ళు, ఆధార్ ప్రింట్లు, పిల్లల అప్లికేషన్లు, అర్జీలు, ఈ నడుమ మెయిళ్ళు. నా నోరు కొంచెం పెద్దది. చుట్టుపక్కల పల్లెల్లో నన్ను "అరిచే అక్క" అంటారని నాకు తెలుసు. అరుస్తాను గానీ పని చేయకుండా ఎవరినీ పంపను, అందుకే మళ్ళీ నా దగ్గరికే వస్తారు.

అర్జీలు రాయడం నాకు మా నాయన నుంచి వచ్చింది. అంగడి లేని రోజుల్లో ఆయన ఇదే గోడ నీడన ఒక రేకుపెట్టె ముందేసుకుని కూర్చునేవాడు. మనిషి వచ్చి ఎదురుగా కూర్చున్నాడంటే, ముఖం చూసి, రెండు మాటలు విని, కాగితం పైభాగాన "విషయం" అని రాసి కింద గీత కొట్టేవాడు. మిగతా కథ వినడం ఆ తర్వాతే. "విషయం కుదిరితే సగం అర్జీ రాసినట్లేమ్మా" అనేవాడు. ఆఫీసు ఉత్తరాల్లో విషయం పైనే ఉంటుంది కాబట్టి ముందు అదే రాయాలని నేనూ నేర్చుకున్నాను. దాంతో పాటు ఒక పొగరు కూడా అబ్బింది. మనిషి నోరు విప్పకముందే వాళ్ళ విషయం నాకు తెలిసిపోతుందని నా నమ్మకం. చాలాసార్లు తెలిసేది కూడా, అదే వచ్చిన చిక్కు.

ఇంకో అలవాటు ఉంది. నా ఉత్తరాలన్నిటికీ తల ఒక్కటే. "గౌరవనీయులైన ఫలానా గారికి, నమస్కరించి వ్రాయునది ఏమనగా" అనే రెండు వరుసలు కంప్యూటర్‌లో ఎప్పటికీ అలాగే ఉంటాయి. పాత ఉత్తరం తెరిచి, తల ఉంచి, కడుపు చెరిపి, కొత్త మనిషి కథ కొట్టేస్తాను. మాలాంటి అంగళ్ళలో అందరూ చేసే పనే ఇది. లేకుంటే పొద్దు చాలదు.

పల్లెల వాళ్ళకు మెయిల్ అడ్రస్ ఉండదు. అప్లికేషన్‌లో ఆ గడి నింపకపోతే ముందుకు పోదు. అందుకని అందరికీ మా అంగడి మెయిలే రాస్తాను. దాంతో ఊరందరి ఉత్తరాలూ నా పెట్టెలోనే పడతాయి. ఎవరిది ఏదో రోజూ చూసి ఫోన్ చేసి చెప్పడం నా బాధ్యత. చెప్పకపోతే వాళ్ళకు తెలిసే దారి లేదు.

ఆ వేసవిలో ఒక పిల్ల సీటు సంగతి అలా నా పెట్టెలో పడింది. గొర్లు కాచుకునే కుటుంబం వాళ్ళది. పిల్ల పదో తరగతి మంచి మార్కులతో పాసైంది. అనంతపురం దగ్గర ఆడపిల్లలు అక్కడే ఉండి చదువుకునే జూనియర్ కాలేజీ ఒకటుంది, దానికి నా చేతే అప్లికేషన్ పెట్టించారు. ఆ తర్వాత తిండి కోసం మందను తోలుకుని కాలువ నీళ్ళు పారే ఊళ్ళ వైపు పోయారు. మా పక్క ఎండాకాలంలో గొర్రెకు గడ్డిపోచ దొరకదు. వరి కోసిన మళ్ళలో మందను మేపుకుంటూ, రాత్రికొక రైతు చేనులో నిలుపుకుంటూ వానలు పడేదాకా అక్కడే ఉంటారు.

సీటు వచ్చిందని, ఫలానా రోజు లోపల వచ్చి చేరాలని కాలేజీ పంపిన మెయిల్ నా పెట్టెలో నాలుగు రోజులు చదవకుండా పడి ఉంది. అప్లికేషన్ల కాలం, నేను చూడలేదు. చూసేసరికి చేరే గడువు దాటిపోయింది. వెంటనే ఫోన్ చేశాను, తగల్లేదు. మరుసటి రోజు తగిలింది. ఆ పైరోజు మధ్యాహ్నం తల్లీ కూతురూ రెండు బస్సులు మారి వచ్చి అంగడి ముందు దిగారు. తండ్రి మంద దగ్గరే ఉండిపోయాడు.

"ఏందక్కా, సీటు పోయినట్లేనా?" అని అడిగింది తల్లి. మెట్టు మీదనే నిలబడి ఉంది, లోపలికి రాలేదు. పిల్ల ఆమె వెనక సంచి పట్టుకుని నిలబడింది. ఎండకు ఇద్దరి ముఖాలూ కమిలిపోయి ఉన్నాయి.

"పోయింటే నిన్నెందుకు పిలుస్తానమ్మా? లోపలికి రా, ముందు నీళ్ళు తాగు" అన్నాను. గొంతు గట్టిగానే వచ్చింది. లోపల మాత్రం నాకు భయంగా ఉంది. తప్పు నాదేనని నాకు తెలుసు, వాళ్ళకు తెలియదు.

కాలేజీ ఆఫీసుకు ఫోన్ చేశాను. అవతల ఎవరో మాట్లాడారు. "ప్రిన్సిపాల్ గారికి మెయిల్ పెట్టండమ్మా, ఈ రోజు ఐదింటి లోపల. రేపు పొద్దున మిగిలిపోయిన సీట్లు వెయిటింగ్‌లో ఉన్న పిల్లలకు ఇచ్చేస్తారు. సబ్జెక్ట్‌లో హాల్ టికెట్ నంబరు, మీకు ఏం కావాలన్నది స్పష్టంగా ఉండాలా. మెయిళ్ళు కుప్పలుగా వస్తాండాయి, సబ్జెక్ట్ లేనివి మేము తెరవం" అన్నారు. వాళ్ళు మాకు పంపిన మెయిల్‌కే జవాబు పెడదామంటే, దానికి జవాబులు పోవని అడుగున రాసి ఉంది. ప్రిన్సిపాల్ అడ్రస్‌కు కొత్తగా పంపాల్సిందే. గోడ గడియారంలో మూడున్నర దాటింది.

పాత ఉత్తరం తెరిచి కొత్తది కొట్టాను. వలసపోయామని, సమాచారం ఆలస్యంగా అందిందని, పిల్లను రేపే తెచ్చి చేరుస్తామని, దయచేసి సీటు నిలపమని. "సమాచారం ఆలస్యంగా అందింది" అని రాస్తున్నప్పుడు చేయి ఒకసారి ఆగింది. ఎవరి వల్ల ఆలస్యమైందో రాయలేదు.

మొత్తం సెలెక్ట్ చేసి, కాపీ నొక్కి, మెయిల్ పెట్టెలో పేస్ట్ చేశాను. మార్కుల మెమో, హాల్ టికెట్ స్కాన్ చేసి జతచేశాను. ఇక మిగిలింది సబ్జెక్ట్. నేనే రాయగలను. కానీ ఆఫీసాయన అంత గట్టిగా చెప్పాక, ప్రిన్సిపాల్ కంట్లో పడేలా ఉండాలనిపించింది. ఈ మధ్య ఒక టీచరమ్మ నాకు కంప్యూటర్‌లో ఏఐ చాట్ చూపించి పోయింది. ఇంగ్లీషు ఉత్తరాలకు దాన్నే అడుగుతున్నాను. సరే దీన్నే అడుగుదామని ఇలా కొట్టాను: "ఈ కింది మెయిల్‌కు మంచి సబ్జెక్ట్ రాసివ్వు. కాలేజీ సీటు గురించి. ప్రిన్సిపాల్ చూడగానే తెరవాలి."

కింది వరుసలో ఉత్తరం పెడదామని ఎంటర్ నొక్కాను. ఉత్తరాలు కొట్టే చేతికి ఎంటర్ అంటే కింది వరుసే. చాట్‌లో ఎంటర్ నొక్కితే రాసింది అక్కడికక్కడే వెళ్ళిపోతుంది. ఉత్తరం పెట్టనే లేదు, నేను అడిగింది ఒక్కటే పోయింది.

క్షణంలో జవాబొచ్చింది. "మీరు మెయిల్‌ను ఇక్కడ పెట్టినట్లు లేదు, నాకు మీ అభ్యర్థన మాత్రమే కనబడుతోంది. దయచేసి మెయిల్ మొత్తాన్ని ఇక్కడ పేస్ట్ చేయండి, దానికి తగిన సబ్జెక్ట్ రాస్తాను. లేదా ఎవరు రాస్తున్నారో, సీటు విషయంలో ఏం కోరుతున్నారో, అంటే నిలపమనా, మార్చమనా, రద్దు చేయమనా, చెప్పినా చాలు."

నాకు ఒళ్ళు మండింది. గడియారంలో నాలుగూ పది. ఒక్క వరుస రాసివ్వమంటే ఎదురు ప్రశ్నలా! సీటు గురించి అన్నాక ఇంకేముంటుంది, నిలపమనే కదా! మా నాయన అయితే ముఖం చూసి రాసేసేవాడు.

"ఏమంటాంది అక్కా అది?" అని తల్లి అడిగింది.

"జాబు యాడుండాది అంటాంది."

"ఇయ్యలేదా నువ్వు?"

"ఇచ్చే లోపలే పోయింది."

ఆమె అంత దిగులులోనూ నవ్వింది. "ఆలు లేదు, సూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్లుండాది నీ పని" అంది.

"నువ్వు గమ్మునుండమ్మా, నాకు మండుతాంది" అని కసిరాను. కానీ నవ్వొచ్చి ఆపుకున్నాను. నిజానికి అప్పుడే ఆ చాట్ మూసేసి, "సీటు నిలపమని విన్నపం" అని నేనే రాసి పంపేద్దామనుకున్నాను. చేయి మౌసు మీదకు కూడా పోయింది. కానీ నా పొగరు నన్ను వదిలితే కదా. జాబు లేదంటావా, ఇదిగో నీ జాబు, చూసుకో అని దాని ముఖాన కొట్టాలనిపించింది. ఉత్తరాన్ని కాపీ చేయడానికి మెయిల్‌ను తెర నిండా పెద్దది చేశాను. అంతవరకూ అది మూలన చిన్న పెట్టెలో ఉంది, అందులో పైనున్న రెండు మూడు వరుసలే కనబడుతూ వచ్చాయి.

వెనక నుంచి పిల్ల గొంతు వినిపించింది. వచ్చినప్పటి నుంచి అదే దాని మొదటి మాట. "అక్కా, మాది చిలమత్తూరు మండలం కదా. ఈడ గోరంట్ల అని ఉండాది."

"యాడ? సరిగ్గా చూడు" అన్నాను. నేను మాత్రం చూడలేదు.

"ఈడక్కా. కింద టీసీ ఇప్పించమని ఉండాది. సీటు మాకు వద్దు, రద్దు చేయమని ఉండాది" అంది పిల్ల.

చూశాను. అది పొద్దున గోరంట్ల నుంచి వచ్చిన ఒకాయన ఉత్తరం. తన కూతురికి ఇంటి దగ్గరే ఇంకో కాలేజీలో సీటు వచ్చిందని, దూరంగా వచ్చిన సీటు వదులుకుంటామని, సర్టిఫికెట్లు వెనక్కి ఇమ్మని ఒక ప్రిన్సిపాల్‌కు రాయించుకుని పోయాడు. దాన్ని కాపీ చేసి మెయిల్‌లో పెట్టి పంపాను. ఆ తర్వాత చేసినవన్నీ జిరాక్సులే. నా కీబోర్డులో కాపీకి నొక్కే సి కీ దుమ్ము పట్టి ఒకసారి పలుకుతుంది, ఒకసారి పలకదు. ఈ పిల్ల ఉత్తరానికి నేను కాపీ నొక్కినప్పుడు అది పలకలేదు. పేస్ట్ కీ పలికింది. పొద్దున్నుంచి లోపల నిలిచిపోయిన ఆయన ఉత్తరమే వచ్చి పడింది. నా ఉత్తరాల తలలన్నీ ఒక్కటే కదా, "గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి" అని చూసి సరిపోయిందనుకున్నాను.

పిల్ల పేరు వేరు కదా, అవతల వాళ్ళకు అనుమానం రాదా అని తర్వాత ఎవరో అన్నారు. వస్తే రావచ్చు. కానీ జతచేసిన మెమో ఈ పిల్లది, హాల్ టికెట్ ఈ పిల్లది, సబ్జెక్ట్‌లో పెట్టబోయే నంబరూ ఈ పిల్లదే. ఉత్తరమేమో సీటు వద్దంటుంది. కుప్పల మధ్య కూర్చున్న మనిషి నంబరు చూసి గీత కొట్టేస్తే, మరునాడు పొద్దున ఆ సీటు ఇంకో పిల్లకు పోయేది. ఆ అనుమానమే వచ్చి వాళ్ళు మెయిల్ పెట్టినా, మళ్ళీ పడేది నా పెట్టెలోనే. ఆ చాట్ గనక నా మాట పట్టుకుని, ఉత్తరం చూడకుండానే ఏదో ఒక మంచి సబ్జెక్ట్ అల్లి ఇచ్చి ఉంటే, భలే ఉందని అక్కడ అతికించి పంపేసేదాన్ని. నేనైతే అల్లి ఇచ్చేదాన్నే. ఇరవై ఏళ్ళుగా చేస్తున్నది అదే కదా.

"ఏమైందక్కా?" అంది తల్లి. ఆమెకు చదువు రాదు. మా ఇద్దరి ముఖాలే చూస్తోంది.

దాచాలనిపించింది, నిజం చెప్పొద్దూ. దాచలేకపోయాను. "వేరే వాళ్ళ జాబు పెట్టినానమ్మా. సీటు వద్దని రాసిన జాబు. నీ బిడ్డ చూడకపోయింటే పంపించేసేదాన్ని" అన్నాను.

ఆమె కూతురి వైపు చూసింది. "ఊరికే సదివినావా పాపా పది దాకా!" అంది. మెచ్చుకోవడం వాళ్ళ ఇంట్లో అంతేనేమో, పిల్ల తల వంచుకుని నవ్వింది. నా వైపు తిరిగి, "పంపలేదు కదక్కా. టైముండాది. సరైంది పెట్టు" అంది.

ఈసారి కీబోర్డును నమ్మలేదు. మౌసుతోనే కాపీ చేశాను. మెయిల్‌లో పాతది మొత్తం చెరిపి కొత్తది పెట్టి, కుర్చీ జరిపి పిల్లను కూర్చోమన్నాను. "గట్టిగా చదువు, మొదటి నుంచి చివరి దాకా" అన్నాను. అంగడి పెట్టినప్పటి నుంచి నేను రాసింది ఇంకొకరి చేత చదివించడం అదే మొదలు.

పిల్ల బడిలో చదివినట్లు స్పష్టంగా చదివింది. మధ్యలో ఆగి, "మా నాయన కూలి పని చేస్తాడని రాసినావక్కా. మేము గొర్లు కదా కాసేది" అంది. అది కూడా పాత ఉత్తరంలో మిగిలిపోయిన ముక్కే.

"గొర్లనే రాయక్కా, సిగ్గేముంది? వాటి కోసమే కదా ఊరు ఇడిసిపోయింది" అంది తల్లి. రాశాను. అప్పుడు గానీ ఆ ఉత్తరం వాళ్ళది కాలేదు.

సరిచేసిన ఉత్తరాన్ని చాట్‌లో పెట్టాను. ఈసారి ముందు ఉత్తరం, దాని కింద నేను అడిగేది, చివరన ఎంటర్. అది హాల్ టికెట్ నంబరు ఉత్తరంలో నుంచే తీసుకుని, మూడు సబ్జెక్ట్‌లు రాసిచ్చింది. మధ్యదాన్ని పిల్ల ఎంచుకుంది. ముందు నంబరు, తర్వాత "వలస వల్ల గడువులోగా చేరలేని విద్యార్థిని, సీటు నిలపమని విన్నపం" అని ఉంది. ఒక్క అక్షరం మార్చాలనిపించలేదు. ఉత్తరంలో ఏముందో అదే పైన ఉంది. నాయన ఉంటే ఒప్పుకునేవాడు, కొంచెం గొణిగి.

నాలుగున్నర దాటాక పంపాను. పంపినవాటిలోకి పోయి తెరిచి, మళ్ళీ చదివించాను. ఆఫీసుకు ఫోన్ చేస్తే, "వచ్చిందమ్మా, కనపడింది. ప్రిన్సిపాల్ గారు చూసి రేపు పొద్దున జవాబు పెడతారు" అన్నారు. ఫోన్ పెట్టేశాక నా నడుము నొప్పి నాకు తెలిసింది. అంతసేపూ కుర్చీ అంచు మీదే కూర్చుని ఉన్నాను.

వాళ్ళు లేవబోతుంటే ఇంకో మాట కూడా చెప్పేశాను. సగం తప్పు ఒప్పుకుని సగం దాచుకుంటే నిద్ర పట్టదు నాకు. "అమ్మా, ఆ మెయిల్ నాలుగు దినాలు నా దగ్గరే ఉన్నింది. నేను చూడలేదు. గడువు దాటింది నా వల్లే" అన్నాను.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంటూ ఆలోచించింది. "నువ్వు అరుస్తావని తెలుసు గానీ, ఇట్లా సెప్తావని తెలీదు" అంది. "నేను కూడా తప్పిపోయిన గొర్రెను నాలుగు దినాలకు ఎతుక్కున్నదాన్నే. దొరికితే సాలక్కా." ఆమె కోపం చేసుకుని ఉంటే బాగుండేదనిపించింది. ఆ రాత్రికి వాళ్ళు ఊళ్ళో చుట్టాల ఇంట్లో ఉన్నారు.

మరునాడు ఎప్పటికన్నా ముందే అంగడి తీశాను. షట్టరు సగం ఎత్తి దూరి, కంప్యూటర్ వేసుకుని కూర్చున్నాను. పదిన్నర దాకా ఒక్కరి జిరాక్స్ కూడా సరిగ్గా తీయలేదు, అడిగినవాళ్ళ మీదల్లా అరిచాను. పది నలభైకి జవాబొచ్చింది. పైన పేరూ నంబరూ, కింద మూడే వరుసలు. విన్నపం అందింది. సీటు నిలిపి ఉంచాము. విద్యార్థిని ఈ రోజు సాయంత్రం లోపల ఒరిజినల్ సర్టిఫికెట్లతో వచ్చి చేరవలెను.

తెర ముందు కూర్చుని గట్టిగా ఊపిరి వదిలాను. ఎదురుగా జిరాక్స్ కోసం నిలబడిన పెద్దాయన, "ఏమైందమ్మా, ఒంట్లో బాగలేదా?" అన్నాడు. "బాగుండాది పెద్దాయనా, శానా బాగుండాది" అన్నాను. నా నోటి వెంట అంత మెత్తగా మాట రావడం చూసి ఆయన ఇంకా కంగారుపడ్డాడు.

ఫోన్ చేశాను. తల్లి ఎత్తింది. జవాబు చదివాను.

"ఇంకోసారి సదువక్కా" అంది.

మళ్ళీ చదివాను.

"ఉండు, బిడ్డకిస్తా. దానికి కూడా సదువు." ఫోన్ చేతులు మారింది. మూడోసారి చదివాను. తర్వాత పిల్ల మెల్లగా అడిగింది.

"అక్కా, పేరు ఎవురిది ఉండాది?"

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "నీదే తల్లీ" అన్నాను. "నీ పేరే, నీ నంబరే. బస్టాండుకు పదండి, పన్నెండు గంటల బస్సుకు నేను కూడా వస్తా."